కొటేషన్‌లో లేని 41,820 రూపాయలు అదనంగా అడుగుతున్న ఫ్లోరింగ్ కాంట్రాక్టర్‌కు ఉత్తరం ఎలా రాయాలి?

మియాపూర్ ఇంటివారు
పాత మొజాయిక్ తీసేసి 2×4 విట్రిఫైడ్ టైల్స్ వేయించాం. టైల్స్ మేమే కొన్నాం. సిమెంటు, ఇసుక, కూలీ కలిపి చదరపు అడుగుకు 70 రూపాయలని కొటేషన్. "సుమారు 1,050 చదరపు అడుగులు, కొలత ప్రకారం" అని రాసి ఉంది, అంటే 73,500. ఇప్పటికి 60,000 ఇచ్చాం. ఫైనల్ బిల్లు 1,15,320 వచ్చింది. అందులో అదనంగా కలిపినవి ఇవి:

విస్తీర్ణం 1,271 అడుగులని చూపి 15,470
స్కర్టింగ్ 310 రన్నింగ్ ఫీట్, 25 చొప్పున 7,750
టైల్స్ కింద వేసే మాలు బెడ్ మందం పెరిగిందని 1,050 అడుగులకు 12 చొప్పున 12,600
పెళ్లలు, మట్టి తీయించినందుకు 6,000

ఇంకా 55,320 ఇవ్వాలంటున్నారు. ఇవ్వనని గట్టిగా ఉత్తరం రాద్దామనుకుంటున్నాం. ఎలా రాయాలి?

కొండాపూర్ ఫ్లాట్
కొటేషన్ అంటే ఒప్పందమే కదండీ. అందులో లేనిదానికి రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. 13,500 బాకీ ఉంది, అది పడేసి ఊరుకోండి.

సైట్ బిల్లింగ్
సగం నిజమే. కొటేషన్‌లో లేని పనిని మీరు ఒప్పుకోకుండా చేసి డబ్బు అడిగితే కాదనవచ్చు. కానీ ఆ పని మీ కళ్ల ముందే జరిగి, మీరు ఆపకుండా, ఇప్పుడు వాడుకుంటూ ఉంటే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ కింద న్యాయమైన ఖరీదు అడిగే హక్కు అవతలివారికి ఉండొచ్చు. కాబట్టి నాలుగు పద్దులూ ఒకే గంపలో వేయకండి. ఒక్కోదానికి జవాబు వేరు. అన్నీ కాదంటే, ఇవ్వాల్సింది కూడా ఎగ్గొడుతున్నారనే మాట వస్తుంది.

ముందు రెండు సంగతులు చెప్పండి. బిల్లు మీద సంతకం పెట్టారా? ఆ 1,271 దేన్నిబట్టి వేశారు?

మియాపూర్ ఇంటివారు
సంతకం పెట్టలేదు. మేం వాడిన 82 పెట్టెల లెక్కే అది. గదులు టేపు పెట్టి కొలిస్తే మాకు 1,062 వచ్చింది.

సైట్ బిల్లింగ్
అయితే మీ ఉత్తరంలో బలమైన చోటు అదే. 2×4 టైల్ పెట్టెలో రెండు ఉంటాయి, 15.5 చదరపు అడుగులు. 82 పెట్టెలకు సరిగ్గా 1,271. అంటే కొలిచింది మీ నేల కాదు, మీ టైల్స్ పెట్టెలు. అందులో కోతల వేస్టేజీ ఉంది, స్కర్టింగ్‌కు కోసిన ముక్కలూ ఉన్నాయి.

స్కర్టింగ్ ఎత్తు నాలుగంగుళాలైతే 310 రన్నింగ్ ఫీట్ దాదాపు 103 చదరపు అడుగులు. నేల 1,062, స్కర్టింగ్ 103, కలిపితే 1,165. మిగిలిన 106 వేస్టేజీ. వేస్టేజీ టైల్స్ కొన్నవారి నష్టం, దాన్ని పరిచినందుకు కూలీ ఉండదు. స్కర్టింగ్‌కైతే రెండుసార్లు వేశారు: ఒకసారి పెట్టెల లెక్కలో, ఇంకోసారి రన్నింగ్ ఫీట్‌లో. "కొలత ప్రకారం" అన్న మాట మీకూ వర్తిస్తుంది కాబట్టి పెరిగిన 12 అడుగులకు 840 ఇవ్వండి. మిగిలిన 209 అడుగుల 14,630 కాదనండి.

ఖమ్మం నుంచి
మా మార్బుల్ పాలిష్ వాళ్లు కూడా ఇలాగే చేశారు. బిల్లుకు 18 శాతం జీఎస్టీ కలిపారు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలి?

సైట్ బిల్లింగ్
ఇక్కడ ప్రశ్న అది కాదు గానీ, బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకపోతే ఆ పన్ను వసూలు చేయడానికి వీల్లేదు. నంబరుతో ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వమనండి. మిగతాది వేరే పోస్టుగా పెట్టండి.

టైల్స్ మేస్త్రీ
నేను కాంట్రాక్టర్ వైపు నుంచి చెబుతాను. స్కర్టింగ్‌ను ఎక్కడైనా విడిగా, రన్నింగ్ ఫీట్ లెక్కనే కడతారు. కోత, గోడకు అంటించడం, పై అంచు చేయడం, పని ఎక్కువ. కొటేషన్‌లో రాయకపోవడం తప్పే, కానీ ఇంట్లోవాళ్లు చూస్తూనే ఉన్నారుగా. పాత మొజాయిక్ పగలగొట్టాకే కింద స్లాబ్ ఎగుడుదిగుడు తెలుస్తుంది. మాలు ఎక్కువ పడితే మేస్త్రీ జేబులోంచి పెట్టుకోవాలా?

సైట్ బిల్లింగ్
స్కర్టింగ్ మాట ఒప్పుకుంటాను. ఇక్కడ ఇంటివారు పోట్లాడటం దండగ. 103 అడుగులకు 70 చొప్పున వేసినా 7,210 అవుతుంది, వాళ్లడిగింది 7,750. ఆ 540 కోసం మిగతా వాదన బలహీనం చేసుకోకండి.

బెడ్ సంగతి అలా కాదు. అంగుళం ఎక్కువ పడిందనే అనుకుందాం. 1,050 అడుగుల మీద అంగుళం అంటే 87.5 ఘనపుటడుగుల మాలు. 1:6 పాళ్లలో, తడి మాలు పొడి లెక్కకు మార్చితే దాదాపు 13 బస్తాల సిమెంటు, ఒక యూనిట్ ఇసుక, అంటే 100 ఘనపుటడుగులు. ఇల్లంతా అంగుళం పెరిగి ఉంటే ఒక యూనిట్ ఇసుక అదనంగా దిగాలి. అది దిగిందా? వాచ్‌మన్ రాసుకున్న లెక్క, ఇసుక రసీదు చూడండి.

మియాపూర్ ఇంటివారు
ఇసుక మధ్యలో ఒకసారి సగం ట్రాక్టర్ వచ్చింది. హాల్, బాల్కనీ పక్క గదిలో పల్లం ఉందని మేస్త్రీ మాతో అన్న మాట నిజమే. ఆ రెండూ కలిపి 380 అడుగులు. రేటు మాత్రం చెప్పలేదు.

సైట్ బిల్లింగ్
380 అడుగులకు అంగుళమంటే అయిదు బస్తాలు, 36 ఘనపుటడుగుల ఇసుక. సగం ట్రాక్టర్ దానికి సరిపోయే మాటే. మొత్తం 1,050కి వేయడం మాత్రం కుదరదు. పరీక్ష కూడా చేయొచ్చు. స్నానాల గది గుమ్మం దగ్గర, బాల్కనీ అంచు దగ్గర టైల్ మందం, మాలు మందం పక్క నుంచి కనిపిస్తాయి, స్కేలుతో కొలిచి ఫోటో తీయండి. మిగతా గదుల్లో పల్లం లేదని చూపడానికి, మొజాయిక్ తీశాక, టైల్స్ వేయకముందు తీసిన ఫోటోలుంటే అవే ఆధారం. ఇప్పుడు లెవల్ పైపు పెట్టినా పై నేల సమంగానే కనిపిస్తుంది, కింద ఎంతుందో చెప్పదు. అందుకే ఉత్తరంలో "పడలేదు" అని రాయకండి, "రుజువు చూపండి" అని రాయండి.

పెళ్లల సంగతి?

మియాపూర్ ఇంటివారు
కొటేషన్‌లో "పాత ఫ్లోరింగ్ తీయడం" ఉంది, బయటికి తోలడం లేదు. వాట్సాప్‌లో "పెళ్లలు తీయించమంటారా" అని అడిగితే "సరే, తీయించండి" అని పెట్టాను.

సైట్ బిల్లింగ్
ఆ "సరే"తో పని ఒప్పుకున్నట్టే, రేటు ఒప్పుకున్నట్టు కాదు. ఎన్ని ట్రిప్పులు, ట్రిప్పుకు ఎంత, ట్రాక్టరువాడి రసీదు అడగండి. చూపితే ఇవ్వాలి. ఆ మెసేజ్ తుడిచేయొద్దు, మీకు అనుకూలం కాకపోయినా.

ఇక లెక్క. వివాదం లేనివి: 1,062 అడుగులు, 70 చొప్పున 74,340. స్కర్టింగ్ 7,750. మొత్తం 82,090, ఇచ్చిన 60,000 పోను 22,090. దీన్ని ఉత్తరంతో పాటే బ్యాంకు ద్వారా పంపండి, నగదు వద్దు. వివాదంలో మిగిలేవి 14,630, 12,600, 6,000, కలిపి 33,230. ఉత్తరం ఇలా రాయవచ్చు:

> తేదీ: …
> కాంట్రాక్టర్ గారికి,
> విషయం: … తేదీ కొటేషన్, … తేదీ ఫైనల్ బిల్లుపై అభ్యంతరం
>
> మీ బిల్లు మొత్తం 1,15,320 రూపాయలు. దాన్ని నేను పూర్తిగా అంగీకరించలేదు, దానిపై సంతకం చేయలేదు.
>
> 1. విస్తీర్ణం: కొటేషన్ ప్రకారం కొలతకే చెల్లింపు. నేల కొలత 1,062 చదరపు అడుగులు (గదులవారీ కొలతలు జత). మీరు చూపిన 1,271 టైల్స్ పెట్టెల లెక్క. అందులో వేస్టేజీ, విడిగా బిల్లు వేసిన స్కర్టింగ్ టైల్స్ కూడా ఉన్నాయి. 209 అడుగులకు 14,630 అంగీకరించడం లేదు.
>
> 2. స్కర్టింగ్: 7,750 అంగీకరిస్తున్నాను.
>
> 3. బెడ్ మందం: కొటేషన్‌లో దీనికి విడి రేటు లేదు. పని ముందు మీరు రేటు చెప్పలేదు. ఏ గదిలో ఎంత మందం పెరిగింది, ఎంత సిమెంటు, ఇసుక అదనంగా తెచ్చారు అనేది రసీదులతో చూపండి. చూపేవరకు 12,600 వివాదంలో ఉంది.
>
> 4. పెళ్లలు: ట్రిప్పుల సంఖ్య, ట్రాక్టర్ రసీదులు ఇవ్వండి. సరైన ఖర్చు చెల్లిస్తాను.
>
> వివాదం లేని 22,090 ఈ రోజు మీ ఖాతాకు పంపాను. ఈ చెల్లింపు మిగతా పద్దులకు అంగీకారం కాదు; నా హక్కులకు భంగం లేకుండా ఇస్తున్నది. ఈ ఉత్తరం అందిన 7 రోజుల్లో ఇద్దరం కలిసి కొలుద్దాం. మీకు వీలైన తేదీ రాతపూర్వకంగా తెలపండి.

ఇంగ్లీషులోనే రాయాలనేం లేదు, ఆయనకు అర్థమయ్యే భాషే మేలు. కొటేషన్ మీదున్న అడ్రసుకు స్పీడ్ పోస్టులో పంపి, ట్రాకింగ్ కాగితం దాచండి. దాని ఫోటో వాట్సాప్‌లో కూడా పెట్టండి. "మోసం", "దొంగ బిల్లు" అని రాయకండి; ఆ మాటలతో లెక్క మారదు, మాట్లాడుకునే దారి మాత్రం మూసుకుపోతుంది.

కొండాపూర్ ఫ్లాట్
డబ్బు ముందే పంపేస్తే ఇక ఆయన ఎందుకు కొలవడానికి వస్తాడు?

సైట్ బిల్లింగ్
ఇంకా 33,230 ఆయనకు రావాల్సి ఉందనుకుంటున్నారు కదా, ఆ ఆశే రప్పిస్తుంది. రేపు మాట కన్స్యూమర్ కమిషన్ దాకా వెళ్తే, ఒప్పుకున్నది ఇచ్చేశారని చూపించడం మీకు మేలు. కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, అయిదు లక్షల లోపు పనికి ఫీజు లేదు. దానికంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌లో చెప్పి చూడొచ్చు.

టైల్స్ మేస్త్రీ
హాల్‌లో మాలు ఎక్కువ పడిందని ఇంటివారే ఒప్పుకుంటున్నారు. ఆ 380 అడుగులకైనా 12 చొప్పున 4,560 ఇవ్వాలి కదా? రసీదు పెట్టుకునే మేస్త్రీలు ఎంతమంది ఉంటారండీ?

సైట్ బిల్లింగ్
కొలత రోజు అడిగితే ఇవ్వొచ్చు. ఉత్తరంలో ముందే రాసిస్తే బేరం అక్కడినుంచి పైకి మొదలవుతుంది. పైగా ఆ 12 ఎక్కడినుంచి వచ్చిందో ఆయన ఇంకా చెప్పలేదు. సైటు చూసే రేటు ఇచ్చినవాడు పల్లాన్ని లెక్కలో వేసుకోవాలా వద్దా అనేదాని మీద మనిద్దరికీ మాట కుదరదులే.

మియాపూర్ ఇంటివారు
ఉత్తరం ఈ రోజు పంపుతాం. ఒక్క సందేహం. కొలతకు వచ్చినప్పుడు 1,062 కాక 1,070 వస్తే?

సైట్ బిల్లింగ్
ఆ ఎనిమిది అడుగులకు 560 ఇవ్వండి. ద్వారబంధాల కింది పట్టీలు, గోడ పక్కన అల్మరా గూళ్లు మీరు వదిలేసి ఉంటారు. కొలిచేటప్పుడు గది పేరు, పొడవు, వెడల్పు ఒకే కాగితం మీద ఇద్దరూ రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి.