బైరన్ రాసింది స్యాంగా, సంగా?

రేపల్లె రమణి
అందరికీ నమస్కారం. రెండ్రోజుల్నుంచి ఒక లైను బుర్రలోంచి పోవట్లేదు. బైరన్ గ్రీసు దీవుల మీద రాసిన పాట, డిగ్రీలో మాకు ఉండేది, అందులో "వేర్ బర్నింగ్ సాఫో లవ్డ్ అండ్..." తర్వాత స్యాంగ్ అనా, సంగ్ అనా? పాట అనే సాంగ్ కాదండీ, బ్యాంకులో 'బ్యా' లాగా స్యాంగ్.

ఎందుకు అడుగుతున్నానంటే మా అమ్మాయి ఎనిమిదో తరగతి, వి వన్ వి టూ వి త్రీలు పుస్తకంలో ఉన్న వరసలో బట్టీ కొట్టి పేజీ దాటేసరికి అన్నీ మర్చిపోతోంది, అందుకని ఒక అట్ట మీద గళ్ళు గీసి అచ్చు మారే తీరుని బట్టి సర్దుతున్నాం. పైనుంచి కిందికి మాట చివర ఏముందో రాశాం, ంగ్, ంక్, మ్, న్ అని. అడ్డంగా మూడు గళ్ళు, ఇ, యా, అ. రింగ్ ర్యాంగ్ రంగ్, డ్రింక్ డ్ర్యాంక్ డ్రంక్, స్విమ్ స్వ్యామ్ స్వమ్, బిగిన్ బిగ్యాన్ బిగన్. హాయిగా చదివేస్తోంది. సింగ్ దగ్గరికొచ్చేసరికి నాకు ఆ లైను గుర్తొచ్చింది, నా చెవిలో మాత్రం "లవ్డ్ అండ్ సంగ్" అనే మోగుతోంది. లవ్డ్ పక్కనున్నది నడిమి గడి మాటే కదా, మరి చివరి గడిలోది అక్కడికెలా వస్తుంది? నేనే తప్పు గుర్తుపెట్టుకున్నానా?

వరంగల్ శీను
సంగే అక్కా, మీ చెవి కరెక్టే. కింద "ఫీబస్ స్ప్రంగ్" అని వస్తది, దానికి ప్రాస కలవాలె కదా, అందుకే మార్చిండు. కవికి ఆ మాత్రం వెసులుబాటు ఉంటది. గ్రిడ్‌లో మాత్రం స్యాంగే పెట్టున్రి.

సుబ్బారావు మాస్టారు
శీనూ, స్ప్రంగ్ కూడా అక్కడ నడిమి గడి మాటే కదయ్యా. "డెలోస్ రోజ్ అండ్ ఫీబస్ స్ప్రంగ్". అంటే ఒక తప్పుకి ప్రాస కోసం ఇంకో తప్పు చేశాడనా? స్యాంగ్, స్ప్ర్యాంగ్ అని రాసుకున్నా ప్రాస కలిసేదే, రెండింట్లో ఏదీ మార్చాల్సిన అవసరం లేదు.

రమణమ్మా, అది బైరన్ కథాకావ్యం డాన్ జువాన్ మూడో కాండంలో వస్తుంది, 1821లో అచ్చయింది. ఆ కాలానికి పాడెను అనడానికి స్యాంగ్, సంగ్ రెండూ నడిచేవి. సంగతి ఇంకా వెనక్కి ఉంది. పాత ఇంగ్లీషులో ఈ మాటలకి భూతకాలంలోనే రెండు అచ్చులు. నేను పాడాను అంటే స్యాంగ్ లాంటిది, మేం పాడాం అంటే సుంగన్ లాంటిది, ఏకవచనానికి ఒకటి, బహువచనానికి ఒకటి. పాడిన అనే రూపం కూడా ఉకారంతోనే ఉండేది. తర్వాత ఏకవచనం బహువచనం తేడా పోయేసరికి ప్రతి క్రియకీ రెంట్లో ఒకటే మిగలాల్సి వచ్చింది. డ్రింక్ ఏకవచనం అచ్చుని ఉంచుకుంది, క్లింగ్, స్వింగ్, స్పిన్, విన్ బహువచనం అచ్చుని పట్టుకున్నాయి. సింగ్, రింగ్, స్ప్రింగ్ చాలాకాలం అటూ ఇటూ ఊగాయి, బైరన్ ఆ ఊగే కాలంలో వాడు.

రేపల్లె రమణి
అయ్యో మాస్టారూ, అయితే క్లింగ్ క్లంగ్ క్లంగ్ ని నేను మొదటి అట్టలోనే పెట్టాను, నడిమి గడి దగ్గర పాప "క్ల్యాంగ్" అంటే కాదని చెప్పాల్సొస్తోంది.

సుబ్బారావు మాస్టారు
వేరే అట్ట చెయ్యమ్మా, ఒకే అట్టలో రెండు తీరులు కలిపితే ఎక్కువున్నదే తక్కువున్నదాన్ని లాగేస్తుంది. ంగ్ వరసలో యా వచ్చేవి మూడే, రింగ్, సింగ్, స్ప్రింగ్. అదే ఇ, అ, అ తీరులో క్లింగ్, ఫ్లింగ్, స్లింగ్, స్టింగ్, స్ట్రింగ్, స్వింగ్, ఇంకా బట్టలు పిండే రింగ్, అంటే ముందు డబ్ల్యూ ఉన్నది. ఏడు. ంక్ వరసలో దీనికి తలకిందులు, డ్రింక్, సింక్, ష్రింక్, స్టింక్ నాలుగూ యా వైపు, స్లింక్ ఒక్కటే అటు. స్పిన్, విన్, డిగ్, స్టిక్ కూడా రెండో అట్టకే వెళ్తాయి. రన్ మాత్రం మొదటి గడిలోనే అకారంతో ఉంటుంది కాబట్టి దానికి మొదటి అట్ట చివర ఒక వరస విడిగా గియ్యి, రన్ ర్యాన్ రన్.

తెలుగు లిపిలో గంట మోగే రింగు, బట్టలు పిండే రింగు ఒకటే కనిపిస్తాయి, అక్కడ పిల్లలు తికమకపడతారు. గంట మోగింది ర్యాంగ్, బట్టలు పిండింది రంగ్. చుట్టూ గుండ్రంగా గీశాడు అనే రింగ్‌కి అసలు అచ్చే మారదు, రింగ్డ్.

వరంగల్ శీను
సార్, ఇందులో ఒక లెక్క ఉన్నది. ముందట రెండు మూడు హల్లులు గుంపుగ ఉంటే నడిమి గడిల అ వస్తది, ఒక్క హల్లు ఉంటే యా. క్లింగ్, ఫ్లింగ్, స్లింగ్, స్టింగ్, స్ట్రింగ్, స్వింగ్ అన్నీ గుంపులే. సింగ్, రింగ్ ఒంటివి. బట్టల రింగ్‌కి ముందట డబ్ల్యూ ఒకప్పుడు పలికేటోళ్ళు, అంటే అదీ గుంపే. గ్రిడ్‌కి ఇంక ఈ రూల్ చాలు, లిస్టు అక్కర్లే.

సుబ్బారావు మాస్టారు
చూపు బాగుంది, కానీ స్ప్రింగ్ ఏమైంది? అంతకంటే పెద్ద గుంపు ఏముంది? డ్రింక్, ష్రింక్, స్టింక్ గుంపులే, మూడూ యా పక్కనే ఉన్నాయి. పైగా ఒకప్పుడు పలికేవాళ్ళు అని డబ్ల్యూని లెక్కలోకి తీసుకుంటే గంట రింగ్‌కి కూడా పాత ఇంగ్లీషులో ముందు హకారం ఉండేది, హ్రింగన్ అని. అప్పుడది కూడా గుంపే అయిపోతుంది.

వరంగల్ శీను
స్ప్రింగ్‌కి అమెరికాల స్ప్రంగ్ కూడా నడుస్తది సార్, డిక్షనరీలల్ల రెండూ ఇస్తరు. ష్రంక్ కూడా అంతే. అంటే అవి నా రూల్ దిక్కే జరుగుతున్నయ్.

సుబ్బారావు మాస్టారు
డ్రింక్ జరగలేదుగా. అది జరిగిన రోజు ఒప్పుకుంటాను.

గ్రేస్ నెల్లూరు
నేను చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ బైబిల్ పాతది, 1611 నాటి కింగ్ జేమ్స్ చదివి పెరిగినదాన్ని కాబట్టి ఒక మాట చెప్తాను. నిర్గమకాండం పదిహేనో అధ్యాయం మొదట్లో "దెన్ స్యాంగ్ మోసెస్" అని ఉంటుంది. ప్రకటన గ్రంథం ఐదో అధ్యాయంలో "దే సంగ్ ఎ న్యూ సాంగ్" అని ఉంటుంది. ఒకే పుస్తకం, రెండూ పాడారు అనే అర్థమే, నాకు చిన్నప్పుడు అది అచ్చుతప్పేమో అనిపించేది. మాస్టారు గారు చెప్పిన ఏకవచనం బహువచనం ఇదేనేమో, మోషే ఒక్కడు కాబట్టి స్యాంగ్, వాళ్ళు చాలామంది కాబట్టి సంగ్.

సుబ్బారావు మాస్టారు
చాలా మంచి జంట పట్టావమ్మా గ్రేస్. కానీ ఆ రెండు వాక్యాలతో అంత దూరం వెళ్ళకూడదు, మోషేతో పాటు ఇశ్రాయేలీయులు కూడా పాడారు అనే ఉంది కదా అక్కడ. 1611 నాటికి ఆ లెక్క ఎప్పుడో పోయింది, రెండు రూపాలూ పక్కపక్కనే మిగిలాయంతే. అదే బైబిల్లో ఇస్సాకు బావులు తవ్వించిన చోట చూడు, డగ్ ఉండదు.

గ్రేస్ నెల్లూరు
అవునండీ! "ఐజక్ డిగ్డ్ అగైన్ ద వెల్స్". ఆదికాండం ఇరవై ఆరు.

సుబ్బారావు మాస్టారు
అదీ. అంటే డిగ్ పుట్టుకతో ఈ గుంపులోది కాదు, స్టిక్ కూడా కాదు, తర్వాత వచ్చి చేరాయి. స్ట్రింగ్ అయితే తీగ అనే నామవాచకం నుంచి క్రియ అయింది, మామూలుగా స్ట్రింగ్డ్ అనాలి, కానీ స్లంగ్, స్టంగ్ పక్కన కూర్చుని స్ట్రంగ్ అయిపోయింది. రమణమ్మ అట్ట మీద చేస్తున్న పనే ఆ భాష మాట్లాడేవాళ్ళ నోళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా చేస్తున్నాయి, చివరి శబ్దం చూసి పక్కింటి మాటతో జత కట్టడం. అందుకే ఈ అట్ట మంచి జ్ఞాపకం, అక్షరక్రమం కాదు.

లీడ్స్ సునీత
నమస్తే అందరికీ, ప్రశ్న పూర్తిగా అర్థం కాలేదు కానీ డ్రంక్ గురించి నాదొక బాధ. ఇక్కడ హాస్పిటల్లో నర్సుగా చేస్తున్నాను, చార్టులో పేషెంటు 200 ఎమ్మెల్ నీళ్ళు తాగాడు అని రాయాలి. "హ్యాజ్ డ్రంక్" అని రాస్తే తాగి ఉన్నాడని చదువుతారేమోనని భయమేసి "హ్యాజ్ డ్ర్యాంక్" అని రాసేదాన్ని, ఒక సీనియర్ సిస్టర్ పిలిచి దిద్దింది. కానీ ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా చాలామంది ఐ హ్యావ్ డ్ర్యాంక్ అనడం నేను చెవులారా విన్నాను. మరి ఎవరిది తప్పు?

రేపల్లె రమణి
సునీత గారూ, మా పాపకీ సరిగ్గా అక్కడే పడింది! రింగ్ వరస మొత్తం అప్పజెప్తుంది, వాక్యం రాయమంటే "ఐ హ్యావ్ డ్ర్యాంక్ మిల్క్".

సుబ్బారావు మాస్టారు
సునీతమ్మా, నీ భయం కొత్తది కాదు, ఆ మాటకి తాగుబోతు అనే అర్థం అంటుకుని ఉండటం వల్లే ఇంగ్లీషువాళ్ళు కూడా వెనక్కి తగ్గి డ్ర్యాంక్‌ని చివరి గడిలోకి తెచ్చుకున్నారని కొందరంటారు. రాతలో మాత్రం హ్యాజ్ తర్వాత డ్రంకే. ఈజ్ డ్రంక్ అయితేనే తాగి ఉన్నాడని, హ్యాజ్ డ్రంక్ అంటే తాగడం అయిందని.

రమణమ్మా, పాప వరస సరిగ్గా చదువుతూ వాక్యంలో తప్పుతోందంటే గళ్ళు గుర్తున్నాయి, ఏ గడి ఎప్పుడు వాడాలో గుర్తులేదన్నమాట. మూడో గడి పైన హ్యావ్ అని రాయించు, చదివేటప్పుడు కూడా ఉత్తినే డ్రంక్ అననివ్వకు, హ్యావ్ డ్రంక్, హ్యావ్ రంగ్ అనే చదివించు. నడిమి గడి పైన యెస్టర్‌డే. తర్వాత అట్ట మూసేసి వరస తప్పించి అడుగు, రింగ్ అడిగి వెంటనే క్లింగ్ అడుగు. ర్యాంగ్ తర్వాత క్ల్యాంగ్ అందంటే రెండు అట్టలూ ఇంకా తలలో విడిపోలేదని. ఇంకో ఆనవాలుంది, డ్రంకెన్, సంకెన్, ష్రంకెన్ అనే విశేషణాలు. ఆ చివరి ఎన్ పాత మూడో గడిదే, ఆ పక్కన యా ఎప్పుడూ రాదు.

రేపల్లె రమణి
హ్యావ్ రాయిస్తాను మాస్టారూ. నడిమి గడికి నేనొక గుర్తు చెప్పాను, మన వచ్చాడు, తిన్నాడు మాటల్లో వచ్చాడు అన్నప్పుడు 'చా' కాకుండా 'చ్యా'కి దగ్గరగా పలుకుతాం కదా, అది జరిగిపోయిన పని, ర్యాంగ్ కూడా అదే అచ్చు, అదీ జరిగిపోయిన పని అని. పాపకి అది బాగా పట్టింది.

వరంగల్ శీను
అక్కా మా దిక్కు వచ్చిండు అంటం. ఆ లెక్కన మా పిల్లలు రింగ్ రింగ్ అనే చదువుతరు. మాకు బ్యాంకే దిక్కు.

గ్రేస్ నెల్లూరు
మేం వచ్చాడు అని నిండుగా ఆ పలుకుతామండీ, మా ఇంట్లో 'చ్యా' అయితే లేదు.

రేపల్లె రమణి
లేదు గ్రేస్ గారూ, మనకి మనం వినపడదు, ఒకసారి ఫోన్లో రికార్డు చేసి వినండి.

వరంగల్ శీను
అన్నట్టు బైరన్ సంగతి తేలలే. ప్రాస కోసం కాదని మాస్టారు అంటున్నరు, కానీ స్యాంగ్ అని రాసే అవకాశం ఉండి కూడా సంగ్ ఎందుకు తీసుకున్నట్టు? "లవ్డ్ అండ్ సంగ్", లవ్‌లో ఉన్న అ సంగ్‌లో మళ్ళా మోగుతది. బర్నింగ్, లవ్డ్, సంగ్, చదివి చూడున్రి. చెవి కోసమే తీసుకున్నడు.

సుబ్బారావు మాస్టారు
ఆ పాట పదహారు చరణాలు అయిపోగానే బైరన్ సొంత గొంతుతో వచ్చే పద్యం గుర్తు తెచ్చుకో. కథలో ఒక విందులో ఈ పాట పాడిన గ్రీకు కవిని గురించి "దస్ సంగ్, ఆర్ వుడ్, ఆర్ కుడ్, ఆర్ షుడ్ హ్యావ్ సంగ్" అంటాడు. ఒకే పాదంలో నడిమి గడిలో సంగ్, చివరి గడిలో సంగ్. మొదటి సంగ్ పాదం మధ్యలో ఉంది, అక్కడ ప్రాస అక్కర్లేదు, పక్కన లవ్డూ లేదు. అంటే అతని నోట్లో ఆ క్రియ సింగ్ సంగ్ సంగ్ అనే ఆడింది. ఈ పాదం నేను ఇంటర్ పిల్లలకి ముప్ఫై ఏళ్ళు చదివి వినిపించాను, వుడ్ కుడ్ షుడ్ దగ్గర తడబడినట్టే తడబడి మళ్ళీ సంగ్ మీద కాలు మోపుతాడు, ఆ నడక ఇంకెవరికీ రాదు. గ్రీసు కోసం వెళ్ళి 1824లో మిసొలోంగీలో జ్వరంతో పోయాడు, ముప్ఫై ఆరేళ్ళకి. ఆ సంగతి తెలిశాక ఆ దీవుల పాట చదవడం వేరేగా ఉంటుంది.

వరంగల్ శీను
సార్, మధ్యల సంగ్ పెడితేనే చివర సంగ్‌తో కొట్టొచ్చినట్టు మోగుతది. అదీ చెవి కోసమే. నా మాట నేను వదల.

రేపల్లె రమణి
అయితే మాస్టారూ, బైరన్ ప్రకారం సింగ్ రెండో అట్టలోకి వెళ్ళాలన్నమాట. పాప ఇప్పుడే అడుగుతోంది, పరీక్షలో సంగ్ రాస్తే మార్కు ఇస్తారా అని. నేను స్యాంగే రాయమన్నాను, సింగ్ పక్కన మాత్రం పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టించాను.

లీడ్స్ సునీత
రమణి గారూ, ఆ రెండు అట్టలూ ఒక ఫోటో పెడతారా, రేపు నైట్ డ్యూటీకి పట్టుకెళ్తాను.