మనిషి నచ్చాక ముఖం నిజంగానే మారి కనిపిస్తుందా, మనమే సర్దుకుంటామా?

వేపపువ్వు (మారతహళ్ళి): మా టీమ్‌లో ఒకతను చేరి తొమ్మిది నెలలైంది. మొదటి రోజు నాకు అతని ఎత్తుపళ్ళు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఇప్పుడు నవ్వితే చూస్తూ ఉండాలనిపిస్తుంది. నిన్న రాత్రి పీజీలో మా రూమ్మేట్‌కి టీమ్ ఫోటో చూపిస్తే "ఇతనా?" అంది. నచ్చాడు కాబట్టి బాగున్నాడని నాకు నేనే చెప్పుకుంటున్నానా, లేక నిజంగానే అలా కనిపిస్తున్నాడా?

రెండో షిఫ్ట్: అలవాటు, అంతే. రోజూ చూసే ముఖం ఏదైనా కొన్నాళ్ళకి బాగానే ఉంటుంది. గుణంతో పనిలేదు.

గోదారిగట్టు: అమ్మా, అబ్బాయి మంచివాడైతే ఆలస్యం చేయకు, ఇంట్లో చెప్పెయ్. నేనూ పెళ్ళిచూపుల్లో మా ఆవిడని సరిగ్గా చూడనే లేదు. ఇరవై రెండేళ్ళయింది, ఏ లోటూ లేదు.

వేపపువ్వు: అంకుల్, నేను పెళ్ళి గురించి అడగలేదండీ. కళ్ళ గురించి అడిగాను.

శారద_హెబ్బాళ: సైకాలజీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అలవాటుకి బలం లేదని అనను. 1992లో మోర్లాండ్, బీచ్ అనే ఇద్దరు ఒక కాలేజీ క్లాసుకి అమ్మాయిలను పంపారు. ఒకరు 5 సార్లు, ఒకరు 10 సార్లు, ఒకరు 15 సార్లు వెళ్ళి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని వచ్చేశారు. నాలుగో అమ్మాయి అసలు వెళ్ళలేదు. చివర్లో ఫోటోలు చూపిస్తే, ఎక్కువసార్లు కనబడిన అమ్మాయే విద్యార్థులకి ఎక్కువ నచ్చింది.

కానీ అలవాటే మొత్తం కారణమైతే, ఆఫీసులో రోజూ చూసే ప్రతివాళ్ళూ మనకి అందంగా తయారవ్వాలి కదా. 2004లో నిఫిన్, విల్సన్ అచ్చంగా ఈ సంగతే ఒక యూనివర్సిటీ పడవపందేల జట్టులో చూశారు. జట్టువాళ్ళంతా ఒకరినొకరు రోజూ చూసుకునేవాళ్ళే. అందులో ఒకడు పనిదొంగ, ఇంకొకడు ఒళ్ళు దాచుకోకుండా తెడ్డు వేసేవాడు. అందానికి మార్కులు వేయమంటే జట్టువాళ్ళు మొదటివాడికి బాగా తక్కువ, రెండోవాడికి బాగా ఎక్కువ వేశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి అవే ఫోటోలు ఇస్తే ఆ తేడా కనబడనే లేదు. చూసిన రోజులు ఇద్దరివీ సమానమే, మారింది వాళ్ళ మీద ఉన్న అభిప్రాయం ఒక్కటే. వేపపువ్వు గారి రూమ్మేట్ అన్న "ఇతనా?" కూడా ఆ బయటివాళ్ళ మాటే.

సీమబిడ్డ: మేడమ్, జట్టువాళ్ళు కోపాన్ని మార్కుల రూపంలో తీర్చుకున్నారు. అందం ఎంత అని అడిగితే ఇష్టం ఎంతో రాశారు. కన్ను మారిందనడానికి అందులో రుజువేముంది? ఎత్తుపళ్ళు ఎత్తుపళ్ళే. ఆ అమ్మాయికి నచ్చినంత మాత్రాన మిల్లీమీటరు కూడా లోపలికి పోవు.

శారద_హెబ్బాళ: మీ అనుమానం సరైనదే. మార్కుల కాగితం చూసి కంటిలో ఏం జరిగిందో పూర్తిగా తేల్చలేం. అయితే కోపంతో మార్కులు కోసేవాడికి తను కోపంతో కోస్తున్నానని తెలుస్తుంది. ఇక్కడ అలా జరగడం లేదు. 1977లో నిస్బెట్, ఇంకో విల్సన్ కలిసి ఒక లెక్చరర్‌తో రెండు వీడియోలు తీశారు. ఇంగ్లీషు ఆయన సొంత భాష కాదు, యాస తెలిసిపోతుంది. ఒక వీడియోలో ఆయన విద్యార్థుల గురించి ఆప్యాయంగా మాట్లాడతాడు, రెండోదాంట్లో కరుకుగా, వాళ్ళని నమ్మనట్టు మాట్లాడతాడు. మనిషి అదే, యాస అదే. ఒక్కో గుంపుకి ఒక్క వీడియోనే చూపించారు. మొదటి గుంపుకి ఆయన రూపం, హావభావాలు, యాస అన్నీ బాగా అనిపించాయి. రెండో గుంపుకి అవే చిరాకు పుట్టించాయి.

తర్వాత అడిగితే, ఆయన నచ్చడం నచ్చకపోవడం వల్ల తమ మార్కులు మారాయని వాళ్ళు ఒప్పుకోలేదు. కరుకు వీడియో చూసినవాళ్ళయితే ఆయన వాలకం, యాస బాగాలేకే ఆయన నచ్చలేదన్నారు. అసలు జరిగింది దానికి తలకిందులు. కాబట్టి వేపపువ్వు గారూ, మీకు మీరు చెప్పుకుంటున్న మాట కాదిది. చెప్పుకునే మాటైతే మీకు తెలిసేది.

రెండో షిఫ్ట్: ఈ పనిదొంగ సంగతి చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నా. నా పాత మేనేజర్ని మొదటి రోజు చూసి సినిమాల్లో ఉండాల్సినవాడు అనుకున్నా. అప్రైజల్‌లో నా పని ఇంకొకరి పేరు మీద చూపించాక అదే ముఖం చూడబుద్ధి కాలేదు. ఆయన్నీ రోజూ చూశాను.

సీమబిడ్డ: పళ్ళ సంగతికి ఎవరూ జవాబివ్వలేదు. కనిపిస్తున్నాయా, లేదా?

శారద_హెబ్బాళ: మీరు పళ్ళనే పట్టుకుని వేలాడుతున్నారు. ఇంత వివరంగా రాసినా చదవకపోతే నేనేం చేయాలి?

సీమబిడ్డ: మొత్తం చదివాను మేడమ్. ఎందుకు పట్టుకున్నానో చెప్తాను. మా చెల్లెలు ఇక్కడే వైట్‌ఫీల్డ్‌లో పనిచేస్తుంది. పదకొండు సంబంధాలు ఫోటో దగ్గరే ఆగిపోయాయి. రంగు తక్కువంటారు. ఇంటికొచ్చిన ప్రతి పెద్దమనిషీ "గుణం చూసినవాడికి అందంగానే కనిపిస్తుందిలే" అంటాడు. పోయిన ఆదివారం ఆ మాట విని, తింటున్న కంచం సింకులో పెట్టి గదిలోకెళ్ళి తలుపేసుకుంది. మీరు చెప్పే పరిశోధనలు ఆ మాటకే ముద్ర వేస్తున్నాయి. తెల్లగా పుట్టినవాళ్ళు ఊరికే కూర్చుంటే చాలు, మా పిల్ల మాత్రం మంచితనం చూపించి అందాన్ని సంపాదించుకోవాలా?

గోదారిగట్టు: బాబూ, ఆ మాట నేనూ చాలా ఇళ్ళల్లో అన్నాను. ఇక అనను.

శారద_హెబ్బాళ: విసుక్కున్నందుకు క్షమించండి. మీ చెల్లెలి విషయంలో ఆ పెద్దమనుషులది అక్కరకు రాని మాట. గుణం వల్ల ముఖం మారి కనిపించేది పరిచయం అయ్యాక. ఫోటో జల్లెడ పట్టేది పరిచయానికి ముందే. 2015లో హంట్, ఈస్ట్‌విక్, ఫింకెల్ అమెరికాలో 167 జంటలను చూశారు. కలిసిన కొద్దికాలానికే జంటైనవాళ్ళు అందంలో ఒకరికొకరు దాదాపు సరిపోయారు. తొమ్మిది నెలలో అంతకన్నా ఎక్కువో ముందే తెలిసి, తర్వాత జంటైనవాళ్ళలో ఆ పోలిక కనబడలేదు. మన సంబంధాల పద్ధతి ఆ తొమ్మిది నెలలు ఎవరికీ ఇవ్వదు. ఆమె సంపాదించుకోవలసింది ఏమీ లేదు, వాళ్ళే చూడకుండా వెళ్ళిపోయారు.

సీమబిడ్డ: మరి ఆఫీసులో ఆరేళ్ళుగా చూస్తున్నవాళ్ళ సంగతేంటి? అక్కడ పరిచయం ఉందిగా.

శారద_హెబ్బాళ: పరిచయం పెరిగేకొద్దీ ఒకరి అందం గురించి నలుగురి మాట ఒకటవ్వదు, విడిపోతుంది. కొత్తలో అందరూ దాదాపు ఒకేలా చూస్తారు, తర్వాత ఎవరి చూపు వారిది. ఒకరికి ఎంతో బాగా కనిపించవచ్చు, పక్కవాడికి ఏ మార్పూ ఉండకపోవచ్చు. ఎవరికి ఎప్పుడు అలా అనిపిస్తుందో ముందుగా చెప్పే లెక్క లేదు.

సీమబిడ్డ: అయితే ఆమెకి నేను ఏం చెప్పాలి?

వేపపువ్వు: సీమబిడ్డ గారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. మీరు అడిగిన రెండోదానికి ఉంది. ఈరోజు క్యాంటీన్‌లో అతనికి ఎదురుగా కూర్చుని కావాలనే పళ్ళు చూశాను. ఎత్తుగానే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. నవ్వేటప్పుడు పై పెదవి వాటి మీద ఒక్క క్షణం ఆగి, అప్పుడు పైకి లేస్తుంది. ఇన్నాళ్ళూ నేను చూస్తున్నది అదేనని అప్పుడు తెలిసింది.

సీమబిడ్డ: అంటే కనిపిస్తున్నాయి. నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే. మా చెల్లెలి రంగు కూడా కనిపించాలి, కనిపిస్తూనే నచ్చాలి.