అప్‌డేట్: మెత్తని బంకమట్టిలో 8 మీ. తవ్వకం, బేస్ హీవ్ లెక్క

నా ప్రశ్న: “6 మీ. వెడల్పు, 8 మీ. లోతు పొడవాటి తవ్వకానికి బేస్ హీవ్, అంటే అడుగు మట్టి పైకి పొంగడం మీద భద్రతా ఫ్యాక్టర్ FS 1.77 వచ్చింది. స్ట్రట్లు కూడా ఉన్నాయి, సరిపోతుందా?”

సరిపోదు. పై గట్టి పొరతో కలిపి సగటు తీసి మట్టి కోత బలం su 38 kPa పెట్టడం మొదటి తప్పు. అడుగు పొంగేది అడుగు కింది మట్టి వల్ల కాబట్టి, తవ్వకం అడుగు నుంచి దాదాపు వెడల్పు Bలో 0.7 వంతు, అంటే 4.2 మీ. లోతు వరకు ఉన్న su చూడాలి. అది 30 మాత్రమే. పక్కన నిలిచే యంత్రాల భారం q 10 kPa కూడా వదిలేశాను.

```
FS = Nc·su / (γH + q)
Nc = 5(1 + 0.2H/B)
```

మట్టి యూనిట్ బరువు γ 17 kN/m³ తో లోతు H ను దశలవారీగా చూస్తే 4 మీ. దగ్గర 2.18, 6 మీ. దగ్గర 1.61, 8 మీ. దగ్గర 1.30. లోతుతో బేరింగ్ గుణకం Nc నెమ్మదిగా పెరుగుతుంది, పక్క మట్టి బరువు మాత్రం దానికంటే వేగంగా పెరుగుతుంది. 1.5 కావాలంటే సుమారు 6.5 మీ. దగ్గరే ఆగాలి.

స్ట్రట్లు ఎన్ని పెట్టినా ఈ అంకె కదలదు. అవి గోడను ఆపుతాయి, అడుగును కాదు. ఆ మెత్తని పొర కింద గట్టి బంకమట్టి ఉంది కాబట్టి షీట్ పైల్స్‌ను అందులోకి దించి, స్ట్రట్ల కింద మిగిలే గోడ భాగానికి వంపు బలం విడిగా చూస్తున్నాం. 6 మీ. దాటాక అడుగు మట్టం రోజూ కొలవాలి: తవ్వకం ఆగినా పొంగు ఆగకపోతే వెంటనే మట్టి తిరిగి నింపాలి.