నోట్సు ఫోటోలో గుండె పటం: ఏ బాణం ఏ పేరుదో తేలడం లేదు

గోదారిగట్టు:
అమ్మ ఇంటర్ బైపీసీ చదివినప్పటి నోట్సు అమలాపురం ఇంట్లో దొరికింది. అందులో గుండె నిలువుకోత పటం ఉంది. తమ్ముడు ఫోనుతో ఫోటో తీసి, స్కానర్ యాప్‌లో నలుపు తెలుపు చేసి పంపాడు. దాన్ని మళ్ళీ శుభ్రంగా గీసి, అమ్మ రాసిన పేర్లే పెట్టి, ఆవిడ అరవయ్యో పుట్టినరోజుకు ఫ్రేమ్ కట్టించి ఇద్దామని నా ఆలోచన. పేర్లు 13 లెక్క తేలాయి. గీతలు, బాణాలు కలిపి 19 ఉన్నాయి! పైగా "ఎడమ కర్ణిక" అని కుడివైపు రాసి ఉంది. "పు.ధ.", "పు.సి." పక్కపక్కనే ఉన్నాయి, వాటి గీతలు ఒకదాన్నొకటి దాటుతున్నాయి. నేను కామర్స్ మనిషిని. ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లరేగడి:
ఎడమది కుడివైపు ఉందంటే ఫోటో తిరగబడింది. సెల్ఫీ కెమెరాతో తీస్తే ఇలాగే వస్తుంది. అద్దంలోలా తిప్పేయండి, సరిపోతుంది.

సుద్దముక్క:
తిప్పకండమ్మా! ఫోటో తిరగబడితే అక్షరాలు కూడా తిరగబడాలి కదా. మీరు వాటిని చక్కగా చదవగలుగుతున్నారు. పటంలోని గుండె మనకు ఎదురుగా నిలబడ్డ మనిషిది. ఆయన ఎడమ మనకు కుడి. ముప్ఫై ఏళ్లు ఇదే పటం బోర్డు మీద గీశాను, ప్రతి ఏడాదీ ఒక పిల్లవాడైనా ఇదే అడిగేవాడు.

ఇక బాణాల సంగతి. పేరు దగ్గర మొదలుపెట్టి గీత వెంట లోపలికి వెళ్లకండి. పేరు చదవగానే అది ఎక్కడ ఉండాలో మనసు ముందే చెప్పేస్తుంది, కన్ను అక్కడికే పోతుంది. పటంలో మొన ఎక్కడ ఆనిందో ముందు చూసి, అక్కడి నుంచి బయటికి రండి. గడియారంలో పన్నెండు ఉండే చోటు నుంచి కుడిచేతి వైపుగా తిరుగుతూ ఒక్కో మొనకూ ఒక అంకె వేయండి. మొన దేన్ని తాకిందో రాయండి, గీత బయట ఏ పేరు దగ్గర ఆగిందో ఆ తరవాత రాయండి. భాగం పేరు తెలియకపోతే "పై నుంచి వచ్చే లావు గొట్టం" అన్నా చాలు. అక్కడ మీ కామర్సే మేలు, ఊహించి రాయరు.

ఇంకొకటి. 19లో అన్నీ పేర్ల గీతలు కావు. రెండు చివరలూ గొట్టం లోపలే ఉండి, ఒక చివర బాణం తల ఉంటే అది రక్తం వెళ్లే దారి. దానికి పేరు వెతకొద్దు.

కొత్తిమీర:
యాప్‌లో నలుపు తెలుపు చేయడం మంచిదే. నేను పాత దస్తావేజులన్నీ అలాగే చదువుతాను. కాంట్రాస్ట్ ఇంకాస్త పెంచి చూడండి, అన్నీ తేలిపోతాయి.

సుద్దముక్క:
ఇంకు అక్షరాలకు అది పనికొస్తుంది, కాదనను. కానీ పెన్సిల్ గీత పలుచన. ఆ యాప్ దాన్ని కాగితం మురికి అనుకుని తుడిచేస్తుంది, లేదా మధ్యలో తెంపేస్తుంది. తెగిన గీత మరో పేరుకు అతుక్కున్నట్టు కనబడుతుంది. రంగు కూడా పోతుంది. మామూలు రంగు ఫోటో ఒకటి తెప్పించండి. ఫ్లాష్ వద్దు, పెన్సిల్ మెరుస్తుంది. కిటికీ పక్కన పెట్టి, పైనుంచి నిటారుగా తీయమనండి. పుస్తకం మడత దగ్గర పేజీ వంగుతుంది, అక్కడి పేర్లను విడిగా దగ్గరగా ఇంకో ఫోటో తీయాలి.

గోదారిగట్టు:
రంగు ఫోటో వచ్చింది. మాస్టారూ, మీరు చెప్పినట్టే రాసుకున్నాను. చిక్కుగా ఉన్నవి మాత్రం ఇక్కడ పెడుతున్నాను.

4. మొన: మధ్యలో పైకి వెళ్లి రెండుగా చీలే గొట్టం. బయట: కుడివైపు పైన, "పు.ధ."
5. మొనలు రెండు: కుడి పక్క గది అంచున ఉన్న రెండు చిన్న గొట్టాలు. గీత ఒకటే, మధ్యలో చీలింది. బయట: కుడివైపు, 4 కన్నా కొంచెం పైన, "పు.సి."
10. మొన: మనకు ఎడమవైపు, రెండు గదుల మధ్య తలుపు. బయట: "అగ్రద్వయ కవాటం"
16. వంపు బాణం, రెండు చివరలా తలలు. "అగ్రద్వయ", "అగ్రత్రయ" పేర్ల మధ్య. ఎరుపు!
19. చిన్న ముక్క. మహాధమని వంపుకీ 4వ దాని ఎడమ కొమ్మకీ మధ్య. పేరు లేదు.

నలుపు తెలుపులో 16 కూడా పేరు గీతలాగే కనిపించింది. దాన్ని పట్టుకుని రెండు రాత్రులు కొట్టుకున్నాను.

సుద్దముక్క:
భేష్! 4, 5 దాటుకోవడం మామూలే. పుపుస ధమని కుడి జఠరికలో పుట్టి, మహాధమని ముందు నుంచి దాటి మనకు కుడివైపు పైకి వస్తుంది. పుపుస సిరలేమో దానికి కాస్త కింద ఎడమ కర్ణికలో చేరతాయి. ధమని పేరు పైన, సిరల పేరు కింద రాసుంటే గీతలు దాటేవి కావు. మీ అమ్మగారు తారుమారుగా రాశారు కాబట్టి దాటాయి. దాటే చోట అనుమానమొస్తే ఫోటో మీద కాగితం అంచు ఆనించి చూడండి. స్కేలుతో గీసిన గీత దాటే చోట వంగదు.

16 దిద్దినవారి ఎర్ర కలం. రెండు పేర్లూ అటుదిటు చేయమని దానర్థం. అగ్రద్వయ కవాటం గుండెకు ఎడమవైపు, అంటే మనకు కుడివైపు ఉండాలి. మీ పదో గీత ఎడమవైపుకు వెళ్లిందంటే మీరు తప్పు రాయలేదు, అమ్మగారు తప్పు వేశారు.

కొత్తిమీర:
అయితే ఫ్రేమ్‌లో సరిచేసే గీయాలి కదా? తప్పు పటం గోడకు తగిలిస్తారా?

సుద్దముక్క:
నేనైతే తప్పూ, ఎర్ర బాణమూ రెండూ ఉంచుతాను. నోట్సు నకలు అన్నాక రాసిన చెయ్యీ, దిద్దిన చెయ్యీ రెండూ కనబడాలి. పరీక్షకు చదివే పిల్లలకైతే మాత్రం సరిచేసిందే ఇవ్వండి.

కొత్తిమీర:
నాకు నచ్చలేదు. చూసినవాళ్లు ఎర్ర బాణం అర్థం చేసుకోరు, అమ్మకు రాదనుకుంటారు.

నల్లరేగడి:
మాస్టారూ, మధ్యలో నాదొకటి. మా నాన్న పొలం పైపులైను పటం గీసి పెట్టారు. కొన్ని బాణాలు వాల్వుల పేర్లవి, కొన్ని నీళ్లు పారే వైపువి. మీ లెక్కన రెండు చివరలూ పైపు మీదే ఉన్నవి నీళ్లవి, అంతేనా? ఒకచోట పైపు పక్కన, కొంచెం దూరంగా ఒక బాణం ఉంది.

సుద్దముక్క:
పక్కన ఉన్నది నేల వాలు కావచ్చు, నీళ్లూ కావచ్చు. అదే పటంలో అలాంటిది ఇంకోటి ఉందేమో చూడండి. ఒక్కటే ఉంటే పొలంలోకి వెళ్లి చూడాల్సిందే.

అమ్మాయ్, 19 సంగతి. రెండు ఊహలున్నాయి. ఒకటి, వెనక పేజీ ఇంకు ఇటు కనబడుతుండొచ్చు. ఆ పేజీ కింద నల్ల కాగితం పెట్టి మళ్లీ తీయించండి, వెనకదైతే బాగా తగ్గిపోతుంది. రెండోది, సరిగ్గా ఆ చోటే ఒక చిన్న కట్టు ఉంటుంది, లిగమెంటమ్ ఆర్టీరియోసమ్. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు అది తెరిచిన గొట్టం, పుట్టాక మూసుకుపోయి నారలా మిగులుతుంది. శ్రద్ధగా గీసేవాళ్లు దాన్ని కూడా వేస్తారు.

కొత్తిమీర:
ఇంత చర్చెందుకు, అమ్మగారినే అడగొచ్చుగా?

గోదారిగట్టు:
పుట్టినరోజు కానుక అని మొదట్లోనే చెప్పానండీ! ఆవిడకు తెలియకూడదు.

నల్ల కాగితం పెట్టి తీశాడు తమ్ముడు. వెనక పేజీ గీతలు మాయమయ్యాయి, 19 మాత్రం అలాగే ఉంది. దానికి బాణం తల లేదు, మిగతా పటంలాగే పెన్సిల్‌తో ఉంది. అది ఆ కట్టో, పెన్సిల్ జారిందో నాకు తెలియదు. పేరు పెట్టకుండా, అంతే పొడవుగా గీస్తున్నాను. ఎర్ర బాణం గురించే ఇంకా తేల్చుకోలేదు.