మేడ మీద సెల్ టవర్‌కి ఇవ్వొచ్చా? పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంది

శ్రీనివాస్, బోడుప్పల్: మాది 200 గజాల్లో జీ ప్లస్ టూ ఇల్లు. టవర్ కంపెనీ తరఫున ఒకాయన వచ్చి మేడ కొలతలు తీసుకెళ్లాడు. నెలకు 18,000 అద్దె, మూడేళ్లకోసారి 10 శాతం పెంపు, అగ్రిమెంట్ 20 ఏళ్లు అంటున్నారు. అబ్బాయి పెళ్లయ్యాక పైన ఇంకో అంతస్తు వేద్దామని మా ఆలోచన. పక్కింటివాళ్లు రేడియేషన్ అని గొడవ పెడతారేమోనని మా ఆవిడకి టెన్షన్. సంతకానికి ముందు ఏం చూసుకోవాలి?

ఫర్హానా: నమ్మకండి అన్నా, ఇదంతా ఫ్రాడ్. మా మామయ్యకి ట్రాయ్ ఎన్‌ఓసీ అని ఒక కాగితం పంపి, ఫీజు 15,000 కట్టించుకున్నారు. తర్వాత ట్యాక్స్ అని ఇంకో 40,000 అడిగారు. ఆ మనిషి ఫోన్ ఇప్పటికీ స్విచాఫే.

శ్రీనివాస్: మమ్మల్ని ఒక్క రూపాయి కూడా అడగలేదమ్మా. అగ్రిమెంట్ డ్రాఫ్ట్ కూడా పంపారు.

ప్రభాకర్: పదకొండేళ్లు సైట్లు వెతికే పనిలో ఉన్నాను. ఫర్హానా గారు చెప్పిన మోసం నిజమే, కానీ గుర్తుపట్టడం తేలిక. అసలు కంపెనీ మీకు డబ్బిస్తుంది, మీ దగ్గర తీసుకోదు. ట్రాయ్, టెలికాం శాఖ ఈ అద్దెల్లో తలదూర్చవు, ఎన్‌ఓసీలూ ఇవ్వవు. డ్రాఫ్ట్‌లో ఉన్న కంపెనీ పేరు టెలికాం శాఖ వెబ్‌సైట్‌లోని ఐపీ-1 జాబితాలో, అంటే టవర్లు పెట్టడానికి నమోదైన కంపెనీల జాబితాలో, ఉందో లేదో చూడండి.

ఇక డ్రాఫ్ట్‌లో లాక్-ఇన్ అని ఎక్కడుందో వెతకండి. చాలా అగ్రిమెంట్లలో అది ఇంటి ఓనర్‌కే ఉంటుంది. కంపెనీ మాత్రం రెండు మూడు నెలల నోటీసిచ్చి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. అంటే 20 ఏళ్లు కట్టుబడేది మీరొక్కరే.

మీకు అంతకన్నా పెద్ద ఇబ్బంది ఆ పై అంతస్తు. టవర్ కాళ్లు స్లాబ్ మీద ఎక్కడపడితే అక్కడ పెట్టరు, బరువు పిల్లర్ల మీద పడేలా చూస్తారు. రేపటి అంతస్తు కోసం మీరు చువ్వలు వదిలిపెట్టిన చోటే వాళ్లకి కావాలి. ఒకసారి నిలబెట్టాక ఇల్లు కట్టుకుంటాం, తీసేయండి అంటే ఒప్పుకోరు.

నాగేశ్వరరావు: ఇంత ఆలోచన ఎందుకండీ, ఇంటి అద్దెలాగే 11 నెలలకి రాయించుకుని ఏటా రెన్యూ చేస్తే సరి. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా తప్పుతుంది.

ప్రభాకర్: లక్షలు పోసి టవర్ నిలబెట్టేవాడు 11 నెలలకి ఒప్పుకోడండి. పెద్ద గడువుకి రిజిస్ట్రేషన్ తప్పదు, ఆ ఖర్చు కంపెనీ మీద వేయించండి. అయితే గడువు తగ్గించాలన్న మీ మాట మంచిదే. 20 బదులు పదేళ్లు అడగొచ్చు. పెంపు కూడా లెక్కేయండి. మూడేళ్లకి 10 శాతం చొప్పున 18,000 పదో ఏట 23,958 అవుతుంది. ఏటా 5 శాతం అయితే 27,900 దాటుతుంది. నెలకి దాదాపు నాలుగు వేలు తేడా!

కిరణ్: మా ఇంట్లో అసలు సిగ్నలే రాదు. టవర్ పెట్టమని ఎవరికి చెప్పాలి సార్?

మాధవి, మల్కాజ్‌గిరి: కిరణ్, అది వేరే పోస్ట్ పెట్టు తమ్ముడూ.
శ్రీనివాస్ గారూ, మా అనుభవం చెప్తాను. బోల్టులు దించిన చోట రెండో వానాకాలానికే నీళ్లు దిగి, కింద పడగ్గది సీలింగ్ పెచ్చులు ఊడింది. ఎవరు బాగుచేయాలో అగ్రిమెంట్‌లో లేదు, మేమే పెట్టుకున్నాం. కరెంటు పోతే రాత్రిపూట జనరేటర్ మోత సరేసరి. ఆఖరికి వాళ్లు ఖాళీ చేస్తున్నామని నోటీసిచ్చి అద్దె ఆపేశారు, ఇనుము మాత్రం ఏడు నెలలు మా నెత్తినే ఉంది. సామానంతా దించి, స్లాబ్ మునుపటిలా చేసి ఇచ్చేదాకా అద్దె నడవాలని రాయించుకోండి. కరెంటుకి వాళ్ల పేరు మీద వేరే మీటర్ పెట్టించండి.

శ్రీనివాస్: ఈ సంగతి నాకు తట్టనే లేదమ్మా. మరి రేడియేషన్ మాటేమిటి?

ప్రభాకర్: మన దేశంలో 2012 నుంచి పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతే. అనుమానం ఉంటే టెలికాం శాఖ వాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్‌లో 4,000 కట్టి కొలిపించుకోవచ్చు. యాంటెన్నా తరంగాలు ఎక్కువగా ఎదురుగా వెళ్తాయి, నేరుగా కిందికి తక్కువ. కాబట్టి మీ ఇంటికన్నా, అదే ఎత్తులో ఎదురుగా ఉన్న ఇంటివాళ్లే ముందు అడుగుతారు. కాగితం చూపించినా అందరూ ఊరుకుంటారని చెప్పలేను.

శ్రీనివాస్: ఇవాళ ఆయనతో మాట్లాడాను. సామాను దించేదాకా అద్దె ఇస్తామన్నారు, లీకేజీ రిపేరుకీ ఒప్పుకున్నారు. అంతస్తు వేసేటప్పుడు ఆరు నెలల నోటీసుతో వాళ్ల ఖర్చు మీదే కొత్త స్లాబ్ మీదికి మార్చాలని అడిగితే మాత్రం, హెడ్డాఫీసుని అడగాలన్నారు.

ప్రభాకర్: బరువైన టవర్ కాకుండా పోల్స్ మాత్రమే అయితే ఒప్పుకునే అవకాశం ఉంది, అదీ రాతలోనే తీసుకోండి. నోటిమాటగా "చూద్దాం సార్" అంటే లేనట్టే.

శ్రీనివాస్: మా ఆవిడేమో ముందు అంతస్తు వేసేసి, ఆ పైన టవర్‌కి ఇద్దామంటోంది. డబ్బు సంగతి చూడాలి.