ఫార్మాట్ చెప్పని మీటింగ్ ఆడియో: ఒకేసారి మాట్లాడిన చోట ఎలా టైప్ చేయాలి?

స్రవంతి:
గంటకు పైగా ఉన్న మీటింగ్ రికార్డింగ్ అప్‌లోడ్ చేసి "టెక్స్ట్ చేసి పంపండి" అన్నారు, అంతే. నలుగురున్నారు, చాలా చోట్ల ఒకరి మీద ఒకరు మాట్లాడారు. ఉన్నదున్నట్టు రాయాలా, శుభ్రం చేసి రాయాలా? పంపినవాళ్లు రేపటి దాకా దొరకరు, ఈలోగా పని మొదలుపెట్టాలి.

వినోద్:
ఉన్నదున్నట్టే రాయండి. ఫార్మాట్ చెప్పలేదంటే ఏది ముఖ్యమో తేల్చే హక్కు మనకు ఇవ్వలేదని అర్థం. నేను చదివిన భాషాశాస్త్రం కోర్సులో గెయిల్ జెఫర్సన్ పద్ధతి నేర్పారు. రెండు గొంతులు కలిసిన చోట చదరపు బ్రాకెట్ మొదలుపెడతాం, విడిపోయిన చోట మూస్తాం. ప్రతి "ఊఁ", ప్రతి తడబాటు, ప్రతి విరామం రాయాలి. ఒకసారి మీరు తీసేస్తే చదివేవాళ్లకు అది ఉందని కూడా తెలియదు.

రహీమ్:
ఇంత కష్టం ఎందుకండీ? మీటింగ్ అంటే మినిట్సే కదా. మా ఆఫీసులో నేనే రాస్తాను. ఏం నిర్ణయించారు, ఎవరు ఏ పని తీసుకున్నారు, ఎప్పటికి చేస్తారు, ఇవి చాలు. గోల జరిగిన చోట "చర్చ జరిగింది" అని ఒక్క ముక్క రాస్తే అయిపోతుంది.

మాధవి:
రహీమ్ గారూ, ఆవిడను అడిగింది టెక్స్ట్ చేయమని, మినిట్స్ రాయమని కాదు. టెక్స్ట్ చేతికొస్తే దాని నుంచి మినిట్స్ ఎవరైనా రాసుకోవచ్చు. మినిట్స్ నుంచి మాటలు తిరిగి రావు.

వినోద్ గారు చెప్పినదాంట్లో సగంతో ఏకీభవిస్తాను. తీసేసింది కనబడదన్నది నిజం. కానీ జెఫర్సన్ పద్ధతి పుట్టింది మాట తీరును అధ్యయనం చేయడానికి. మీటింగ్‌లో ఏమన్నారో తెలుసుకోవాలనుకునే మనిషి అలాంటి రెండు పేజీలు చదివేసరికి వదిలేస్తాడు. ఏమీ చెప్పనప్పుడు నేను ఎంచుకునేది మధ్యస్థం. మాటలు వాళ్లవే, వాక్యాలు సరిదిద్దను. ఊరికే నసిగినవి, ఒకే పదం రెండుసార్లు తడబడినవి తీసేస్తాను. ఈ సంగతి ఫైలు పైనే రెండు లైన్లలో రాస్తాను. అక్కర్లేదనుకుంటే వాళ్లే చెబుతారు.

కలగాపులగం చోట మాత్రం ఈ శుభ్రం చేయడమే కొంప ముంచుతుంది. "అందరికీ ఓకేనా?" అని అడిగాక వచ్చిన "ఊఁ" నసుగుడు కాదు, అది జవాబు. దాన్ని తీసేయకూడదు. ఎవరో కథ చెబుతుంటే మధ్యలో వచ్చే "ఊఁ" తీసేయొచ్చు. రెండూ వినడానికి ఒకటే, ముందున్న వాక్యమే తేడా చెబుతుంది.

స్రవంతి:
సరిగ్గా అలాంటి చోటే ఆగిపోయాను. 41వ నిమిషంలో ఒకాయన నెలాఖరుకి ఇచ్చేద్దామంటాడు. తర్వాత నాలుగైదు సెకన్లు ముగ్గురూ ఒకేసారి. నాకు స్పష్టంగా వినబడేది "ఓకే", "తర్వాతి పాయింట్" మాత్రమే. కింద ఇంకో గొంతు ఏదో అంటోంది.

మాధవి:
మైకుకు దగ్గరున్నవాళ్ల మాటే మన చెవి పట్టుకుంటుంది. వినబడినంత వరకే రాసి వదిలేస్తే అందరూ ఒప్పుకున్నట్టు కాగితం మీద పడుతుంది. ఆ కింది గొంతు అభ్యంతరమే అయితే టెక్స్ట్ అబద్ధం చెప్పినట్టే.

ఆ ముక్కకు నాలుగైదు సెకన్ల ముందు నుంచి లూప్ పెట్టండి. ప్రతిసారీ ఒక్క మనిషినే వెంబడించండి. గొంతులు కలవక ముందే ఆ మనిషి మాట ఎక్కడైనా ఉంటే అక్కడి నుంచి విని చెవికి అలవాటు చేసుకోండి. ఆయన లైను పూర్తిగా టైప్ చేశాకే రెండో మనిషి దగ్గరికి వెళ్లండి. ముగ్గుర్నీ ఒకేసారి పట్టుకోవాలని చూస్తే ఎవరూ దొరకరు. స్పీడ్ తగ్గిస్తే వేగంగా మాట్లాడింది తెలుస్తుంది గానీ, గొంతులు మాత్రం విడిపోవు. నాయిస్ రిడక్షన్ జోలికి వెళ్లకండి. అది ఫ్యాను హోరు తీస్తుంది, మనిషి గొంతును మరో మనిషి గొంతు నుంచి వేరు చేయదు. పైగా పదాల చివర్లు మింగేస్తుంది.

కిరణ్:
ఫైలు స్టీరియోనా? అయితే ఒక్కో చెవితో విడిగా వినండి. మైకుకు ఒక పక్క కూర్చున్న మనిషి ఆ ఛానెల్‌లో కాస్త పైకి వస్తాడు. పేరుకు స్టీరియో అయినా రెండు ఛానెళ్లూ ఒకటే అయి ఉండొచ్చు. ఆడాసిటీలో రెండింటినీ రెండు మోనో ట్రాకులుగా విడదీసి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి రెండూ కలిపి ప్లే చేయండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే, ఆ దారి మూసుకుపోయినట్టు. ఇంకో మాట, మీటింగ్ జూమ్‌లో జరిగి, కంప్యూటర్‌లో రికార్డ్ చేసినవాళ్లు ముందే ఆ సెట్టింగ్ పెట్టుకుని ఉంటే, ఒక్కొక్కరి ఆడియో విడి ఫైలుగా ఉంటుంది. రేపు వాళ్లు దొరకగానే మొదట అడగాల్సింది అదే.

స్రవంతి:
రెండు ఛానెళ్లూ ఒకటే, నిశ్శబ్దం వచ్చింది. లూప్ పెట్టి ఒక్కొక్కరినే విన్నాక ఇంతవరకు వచ్చింది:

[00:41:07] వక్త 1: సరే, నెలాఖరుకి ఇచ్చేద్దాం. అందరికీ ఓకేనా?
[00:41:10] వక్త 2: ఓకే.
[00:41:10] వక్త 3: (వక్త 2తో పాటే) టెస్టింగ్ కాకుండా ఎలా ఇస్తాం, నేను... [అస్పష్టం]
[00:41:12] వక్త 1: (వక్త 3 మాట్లాడుతుండగా) సరే అయితే, తర్వాతి పాయింట్.

మొదటిసారి రాసినప్పుడు మూడో లైను లేనే లేదు. "నేను" తర్వాత "ఒప్పుకోను" అనిపిస్తోంది. రాయనా?

మాధవి:
ఇప్పుడే వద్దు. "టెస్టింగ్ కాకుండా ఎలా" అని విన్నాక చెవి "ఒప్పుకోను" కోసమే ఎదురుచూస్తుంది, అది లేకపోయినా వినిపిస్తుంది. మిగతా ఫైలంతా అయ్యాక తిరిగి రండి, ఈ లైను చూడకుండా వినండి. అప్పుడూ అదే వస్తే రాయండి. లేకపోతే [అస్పష్టం 00:41:13] అని టైము కూడా పెట్టి వదిలేస్తే వాళ్లే విని తేల్చుకుంటారు, ఆ మీటింగ్‌లో ఉన్నది వాళ్లే కదా.

లైన్ల అమరిక బాగుంది. ఎవరు ముందు మొదలుపెడితే వాళ్ల లైను ముందు, ఎవరి వాక్యాన్నీ మధ్యలో ముక్కలు చేయలేదు. అలాగే కొనసాగించండి.

వినోద్:
ఈ అమరిక నాకూ నచ్చింది, నా బ్రాకెట్లు ఇక్కడ అవసరం లేదు. కానీ ఆ మూడో గొంతు వక్త 3దే అని ఎంత నమ్మకం, స్రవంతి గారూ? పూర్తి నమ్మకం లేకపోతే "వక్త 3?" అని ప్రశ్నార్థకం పెట్టండి.

స్రవంతి:
వక్త 3 అనే అనుకుంటున్నాను. వక్త 4 గొంతు కూడా దాదాపు అలాగే ఉంటుంది.

మాధవి:
అయితే "వక్త తెలియదు" అనే రాయాలి. ఈ లైను రేపు ఎవరో కాపీ చేసి మెయిల్‌లో పెడతారు, ఆ ప్రశ్నార్థకం దారిలో రాలిపోతుంది. గడువుకు అడ్డు చెప్పిన మనిషిగా ఒకరి పేరు మిగిలిపోతుంది. అది తప్పైతే ఆ మనిషికి నష్టం.

వినోద్:
"వక్త తెలియదు" అంటే అడ్డు చెప్పిన మనిషి మాట ఎవరిదీ కాకుండా పోతుంది. మీటింగ్‌లో ఇద్దరి మధ్యే అనుమానం ఉన్నప్పుడు నలుగురిలో ఎవరైనా కావచ్చన్నట్టు రాయడం కూడా సమాచారం దాచడమే.

కిరణ్:
"వక్త 3 లేదా 4" అని రాస్తే?

మాధవి:
ఇద్దరి మధ్యే అని ఖాయంగా తెలిస్తే ఒప్పుకుంటాను. వక్త 1 అప్పుడే "సరే అయితే" అంటున్నాడు కాబట్టి ఆయన కాదు. కానీ "ఓకే" అన్న గొంతు వక్త 2దే అని ముందు రుజువు కావాలి. అదీ అనుమానమే అయితే ముగ్గురూ లెక్కలోకి వస్తారు. స్రవంతి గారూ, వక్త 2 ఒంటరిగా "ఓకే" అన్న చోటు ఫైల్లో ఇంకెక్కడైనా ఉందా?

స్రవంతి:
18వ నిమిషంలో ఒకటుంది. దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి వింటాను.