పంచ్ నీడిల్ రగ్గు: హూప్ మధ్యలో లూపులు కురచగా వస్తున్నాయి

సుమ_డల్లాస్
10 నంబరు ఆక్స్‌ఫర్డ్ సూది, మాంక్స్ క్లాత్, చెక్క హూప్. అంచుల దగ్గర లూపులు సమంగా పావు అంగుళం వస్తున్నాయి, మధ్యలో మాత్రం కురచ. బట్ట కాసేపటికే వదులవుతోంది. ఊలు మార్చాలా, ఫ్రేమ్ కొనాలా?

రంగులదారం
పెద్ద నంబరు సూది కొనండి, లూపు పొడుగవుతుంది.

కుట్టుపని_వాణి
తిరగేసి చెప్పారు. నంబరు పెరిగితే లూపు తగ్గుతుంది, 8 నంబరుకే అర అంగుళం.
సుమ గారూ, ఊలు ఎక్కడైనా పట్టేస్తుంటే అంచుల్లోనూ లూపు కురచయ్యేది. మధ్యలోనే అంటే బట్ట కుంగుతోంది. కిందికి గుచ్చినప్పుడు బట్ట లొంగిపోయి, పిడి ఆనకముందే చేయి ఆగిపోతుంది. తీసేటప్పుడు బట్ట సూదితో పాటు పైకి లేచి, లూపును వెనక్కి లాగుతుంది. వేలితో తడితే డప్పులా మోగాలి.

మగ్గంమాస్టర్_వరంగల్
ఈ హూపులన్నీ పిల్లలాట. ఏళ్ల తరబడి మగ్గం వర్క్ చేస్తున్నాం. నాలుగు కర్రలు, అంచు చుట్టూ దారంతో లాగి కట్టడం, అంతే. పెళ్లి బ్లౌజులకే సరిపోయింది, రగ్గు ఎంత?

కుట్టుపని_వాణి
బ్లౌజు గుడ్డ నేత దగ్గరగా ఉంటుందండీ. ఇది వదులు నేత. దారం పట్టుకున్న చోటల్లా పోగులు జరిగి, అంచు రంపపు పళ్లలా అవుతుంది.

మగ్గంమాస్టర్_వరంగల్
అంచుకు మందపాటి పట్టీ వేసి కుట్టి, ఆ పట్టీని లాగుతాం! అది తెలియకుండా మాట్లాడకండి.

కుట్టుపని_వాణి
పట్టీ మాట ముందే చెప్పాల్సింది. అయినా రగ్గు గుద్దుళ్లకు దారం సాగదంటారా? గ్రిప్పర్ స్ట్రిప్ ఫ్రేమ్ అయితే వదులైన క్షణంలో బట్ట ఎత్తి, లాగి, మళ్లీ ముళ్లకు తగిలించేయొచ్చు.

ఊలుబంతి
ఆ ముళ్లు చేతులు గీరేస్తాయి, పాత టవల్ కప్పుకోండి. ఇంతకీ నా లూపులు పూర్తిగా ఊడొస్తున్నాయి, జిగురు ఏది మంచిది?

కుట్టుపని_వాణి
జిగురెందుకు? సూది బయటికొచ్చాక గాల్లోకి ఎత్తుతున్నారేమో. మొన బట్టను రాసుకుంటూనే పక్కకు జరగాలి. సూది తెరిచి ఉన్న వైపు మీరు వెళ్లే దిక్కుకు ఉందా?

రంగులదారం
నేను బట్ట మీద నీళ్లు చిలకరిస్తాను, ఆరాక బిగుసుకుంటుంది.

మగ్గంమాస్టర్_వరంగల్
తడి గుడ్డ మీద కుట్టకండి, మచ్చలు పడతాయి.

రంగులదారం
ఆరాక అన్నాను కదండీ, చదవరా?

సుమ_డల్లాస్
బట్ట మీది తెల్ల గీతలు కూడా విల్లులా వంగాయి. మూలలు పట్టుకుని లాగడం వల్లేనా?

కుట్టుపని_వాణి
అవును. మూలలు లాగొద్దు, ఎదురెదురు అంచుల మధ్య నుంచి మొదలుపెట్టి మూలలకు రండి. గీతలు ఫ్రేమ్‌కు సమాంతరంగా వచ్చేదాకా గుచ్చకండి, వంకరగా ఉంటే రగ్గు విప్పాక పక్కకు ఒరుగుతుంది. ఇక హూప్ గురించి: దాన్ని జరిపినప్పుడు రింగు లూపుల మీద పడుతుంది. ఆ మందానికి గట్టిగా పట్టదు, అందుకే మళ్లీ వదులు. రగ్గు మొత్తం పట్టే ఫ్రేమే తీసుకోండి.

మగ్గంమాస్టర్_వరంగల్
లేదా నాలుగు కర్రలు.